తొలి వానకే పత్తి గింజ వేయాలా, ఆగాలా? మండల వర్షపాతంతో ఎక్సెల్ ప్రాజెక్టు

ప్రశ్న: నేను బీఎస్సీ డేటా సైన్స్ ఫైనలియర్. ప్రాజెక్టుకు ప్రభుత్వ ఓపెన్ డేటా, ఎక్సెల్ మాత్రమే వాడాలి, మన ప్రాంతానికి సంబంధించిన ఒక ప్రశ్నకు జవాబు రావాలి అన్నారు మా సార్. మాది ఆదిలాబాద్ జిల్లా, ఇంట్లో పత్తి సాగు. క్లాసులో అందరూ ఐపీఎల్, కొవిడ్ తీసుకున్నారు. నేను "మా జిల్లాలో వర్షపాతం విశ్లేషణ" అని రాసిస్తే సార్ తిప్పి పంపారు. ఏ టాపిక్ తీసుకోవాలి, ఎలా చేయాలి?

జవాబు:

సార్ తిప్పి పంపడంలో న్యాయం ఉంది. "వర్షపాతం విశ్లేషణ" అంటే నెలవారీ బార్ చార్టులు నాలుగు వేసి, జూలైలో వాన ఎక్కువ అని రాయడమే అవుతుంది. ఆ ముక్క చెప్పడానికి ఎక్సెల్ అక్కర్లేదు. డేటా మీ దగ్గరే ఉంది, కానీ దాన్ని అడగాల్సిన ప్రశ్న మీ ఇంట్లో ఉంది. ఏటా మిరుగం దాటగానే మీ నాయన, పక్క చేను వాళ్లు ఒకే విషయం మీద తర్జనభర్జన పడతారు: మొన్న పడ్డ వానకు గింజ వేద్దామా, ఇంకో వాన చూద్దామా?

దీనికి వ్యవసాయ శాఖ, విశ్వవిద్యాలయం వైపు నుంచి ఒక సలహా ఏటా పేపర్లో వస్తుంది: తేలిక నేలల్లో 50-60 మి.మీ., బరువు నేలల్లో 60-75 మి.మీ. వాన పడ్డాకే పత్తి విత్తండి అని. చాలామంది అంత దాకా ఆగరు. తొలకరి పదును తగలగానే వేసేస్తారు. తర్వాత పది పన్నెండు రోజులు బెట్ట పడితే మొలక ఎండిపోతుంది, పోగుంటలు నింపాలి, లేదా మొత్తం దున్ని మళ్లీ వేయాలి. బీజీ-2 ప్యాకెట్ గరిష్ఠ ధర 2024లో 864 రూపాయలు. ఎకరాకు రెండు ప్యాకెట్ల లెక్కన ఒక్క గింజల ఖర్చే 1,728, కూలి వేరే. అలాగని ఆగితే నష్టం లేదా? ఉంది. విత్తడం ఆలస్యమైన కొద్దీ పంట కాలం కుదించుకుపోతుంది, జూలై మధ్య దాటితే గుబులే.

కాబట్టి మీ ప్రశ్న ఇలా పెట్టండి: "మా మండలంలో తొలి పదునుకే విత్తిన రైతుకు, 60 మి.మీ. దాకా ఆగిన రైతుకు, విత్తాక 20 రోజుల్లో బెట్ట తగిలిన సంవత్సరాలు ఎన్నెన్ని? ఆగినందుకు సగటున ఎన్ని రోజులు పోయాయి?" రెండు పద్ధతులు, రెండు లెక్కలు. ఇందులో ప్రతి మాటకూ ఎక్సెల్‌లో ఒక కాలమ్ ఉంటుంది. దేనికి కాలమ్ పెట్టలేకపోతే ఆ మాట ప్రశ్నలో ఉండకూడదు.

డేటా విషయానికొస్తే, data.telangana.gov.in లో మండలాల వారీగా రోజువారీ వాతావరణ డేటా నెలకో ఫైలుగా దొరుకుతుంది. జిల్లా, మండలం, తేదీ, వాన మి.మీ.లలో, ఉష్ణోగ్రత, తేమ, గాలి ఉంటాయి. మీకు కావలసినవి మండలం, తేదీ, `Rain (mm)` మాత్రమే, మిగతావి తీసేయండి. రాష్ట్రంలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలివి. మే, జూన్, జూలై, ఆగస్టు ఫైళ్లు ఏటా నాలుగు చొప్పున దించుకుని ఒక ఫోల్డర్లో పెట్టండి. Data → Get Data → From File → From Folder తో అన్నీ ఒకే షీటులోకి వస్తాయి. ఏదైనా ఏడాది కాలమ్ పేరు కాస్త తేడాగా ఉంటే ఆ ఏడాది వాన మొత్తం ఖాళీగా వచ్చేస్తుంది, ఎక్సెల్ ఏమీ అనదు. అందుకే చేర్చిన వెంటనే పివట్ టేబుల్ వేసి, ఏడాదికి ఎన్ని వరుసలొచ్చాయో, ఎన్నింటిలో వాన అంకె ఉందో చూడండి.

ఇక్కడ తొందరపడకండి, ఈ ప్రాజెక్టులో సగం పని శుభ్రం చేయడమే. మొదటి గండం తేదీ. మన ఫైళ్లలో 06-07-2022 అంటే జూలై 6. కంప్యూటర్ రీజియన్ అమెరికాది అయితే ఎక్సెల్ దాన్ని జూన్ 7 అనుకుంటుంది. 13వ తేదీ నుంచి అలా మార్చలేదు కాబట్టి అవి టెక్స్టుగా మిగిలిపోతాయి. గుర్తుపట్టడం తేలిక: కొన్ని తేదీలు సెల్లో కుడివైపు, కొన్ని ఎడమవైపు అతుక్కుని ఉంటాయి. ఒక్క ఫైలు విడిగా తెరిచి చూసుకోండి. Text to Columns లో తేదీని DMY అని చెబితే చక్కబడుతుంది, కానీ ఎక్సెల్ తారుమారు చేయకముందే ఆ పని చేయాలి. తారుమారైన తేదీ చూడటానికి నిక్షేపంలా ఉంటుంది, అదే ప్రమాదం.

రెండోది మండలాల పేర్లు. గుడిహత్నూర్, ఇంద్రవెల్లి లాంటి పేర్లు ఇంగ్లిష్‌లో ఒక ఏడాది ఒక స్పెల్లింగుతో, మరో ఏడాది మరో స్పెల్లింగుతో ఉండొచ్చు. జిల్లా పేరును నమ్ముకోకండి. 2016 అక్టోబరులో పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. మండలం పేరుతోనే ఫిల్టర్ చేయండి.

మూడోది ఖాళీ సెల్లు. వాన పడకపోవడం వేరు, కేంద్రం పనిచేయకపోవడం వేరు. ఎక్సెల్‌కు ఆ తేడా తెలియదు, ఖాళీని సున్నాగా లెక్కేసి లేని బెట్టను పుట్టిస్తుంది. మీ ప్రశ్నకు కావలసింది మే 23 నుంచి ఆగస్టు 9 దాకా, అంటే మండలానికి ఏడాదికి 79 రోజులు. ఎందుకంటే జూన్ 1న వెనక్కి పది రోజులు చూడాలి, జూలై 20న విత్తినా ముందుకు ఇరవై రోజులు చూడాలి. 79 కంటే రెండు మూడు రోజులకు మించి తక్కువుంటే ఆ మండలం ఆ ఏడాదికి వద్దు, వదిలేశానని రిపోర్టులో రాయండి. ఇంకో మోసం ఉంది: పాడైన కేంద్రం ఖాళీకి బదులు సున్నా పంపడం. జైనథ్, బేల, తాంసి అన్నిటిలో 20 దాటి వాన పడిన రోజుల్లో కూడా ఒక్క మండలం వారాల తరబడి సున్నా చూపిస్తుంటే అనుమానించండి. పెద్ద అంకెను మాత్రం పెద్దదిగా ఉందని తీసేయకండి. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. పడింది. చూస్తే టైపింగ్ తప్పులా ఉంటుంది, కానీ నిజం. పక్క మండలాలు కూడా ఆ రోజు తడిశాయా లేదా అన్నదే పరీక్ష.

ఇప్పుడు లెక్క. మండలం, ఆ తర్వాత తేదీ వరుసలో సార్ట్ చేసి, దాన్ని `Rain` అనే టేబుల్‌గా మార్చండి. కాలమ్‌లు Mandal, Date, mm (A, B, C), వాటి పక్కన Two, Ten, Dry (D, E, F). `Limits` అనే వేరే షీటులో నాలుగు హద్దులు పెట్టండి: B1లో 25 (తొలి పదును), B2లో 60 (సలహా), B3లో 2.5 (వాన రోజు), B4లో 10 (బెట్ట). హద్దులను ఫార్ములాల్లో కుక్కకుండా ఇలా బయట పెట్టడం ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

25 ఎక్కడిది అంటే, "రెండు రోజుల్లో కలిపి 25 మి.మీ. పడితే తొలి పదును" అని నేను అనుకున్నది. మీరు అలా అనుకోవద్దు. ఊళ్లో నలుగురైదుగురు రైతులను అడగండి, కిందటేడు ఏ తేదీ వానకు విత్తారో. ఆ తేదీకి ముందు రెండు రోజుల వాన మీ షీటులో చూడండి. వాళ్ల అంకె అదే. 2.5 మాత్రం వాతావరణ శాఖది: ఒక రోజులో అంత లేదా అంతకు మించి పడితేనే దాన్ని వాన రోజుగా లెక్కిస్తారు.

Two కాలమ్‌లో రెండు రోజుల వాన మొత్తం:

```
=SUMIFS([mm],[Mandal],[@Mandal],[Date],">"&[@Date]-2,[Date],"<="&[@Date])
```

Ten కాలమ్‌లో 2 బదులు 10. పై వరుసలను నేరుగా కూడకుండా SUMIFS వాడటానికి కారణం, మధ్యలో ఒక తేదీ లేకపోయినా, మండలం మారినా లెక్క పక్కకు జారదు. 60 మి.మీ. ఎన్ని రోజుల్లో పడాలి అన్నది సలహాలో సాధారణంగా ఉండదు. పది రోజులు అన్నది మన నిర్ణయం, అది రిపోర్టులో కనబడాలి.

Dry కాలమ్ వరుసగా ఎన్నో పొడి రోజు అన్నది చెబుతుంది. మొదటి డేటా వరుసలో, అంటే షీటు రెండో వరుసలో, చేత్తో 0 లేదా 1 వేసి, మూడో వరుస నుంచి ఇది:

```
=IF(C3="","",IF(C3>=Limits!$B$3,0,IF(AND(A3=A2,B3=B2+1),N(F2)+1,1)))
```

ఖాళీ ఉంటే ఖాళీగానే ఉంచుతుంది, వాన పడితే సున్నాకు వస్తుంది, లేకపోతే నిన్నటి దానికి ఒకటి కలుపుతుంది. మండలం మారితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఈ ఫార్ములా వేశాక మళ్లీ సార్ట్ చేయకండి.

ఇక ఫలితాల షీటు. వరుసకో మండలం (A), సంవత్సరం (B). C లో తొలి పదునుకు విత్తిన తేదీ:

```
=MINIFS(Rain[Date],Rain[Mandal],A2,Rain[Date],">="&DATE(B2,6,1),
 Rain[Date],"<="&DATE(B2,7,20),Rain[Two],">="&Limits!$B$1)
```

ఆగిన రైతుకు Rain[Ten], Limits!$B$2 పెట్టి D లో అదే. ఎక్కడైనా తేదీ 1900 జనవరి అని కనిపిస్తే ఫార్ములా తప్పు కాదు, ఆ ఏడాది జూలై 20 లోపు ఆ హద్దు దాటలేదని అర్థం. వాటిని ఫలితాల్లో విడిగా లెక్కపెట్టండి. ఆగమన్న సలహా పాటించిన రైతు ఆ ఏడు విత్తకుండానే ఉండిపోయాడన్నమాట, అది చిన్న విషయం కాదు. విత్తిన తర్వాత 20 రోజుల్లో అన్నిటికంటే పొడవైన బెట్ట:

```
=MAXIFS(Rain[Dry],Rain[Mandal],A2,Rain[Date],">="&C2+1,Rain[Date],"<="&C2+20)
```

ఇది 10 లేదా అంతకు మించితే (Limits!$B$4) "దెబ్బ", లేకపోతే "నిలిచింది". MINIFS, MAXIFS ఎక్సెల్ 2019 నుంచి ఉన్నాయి. కాలేజీ ల్యాబులో 2013 ఉంటే ఇంటి దగ్గరే చేసుకోండి.

ఒక ఉదాహరణ చేత్తో చేసి చూడండి, ఫార్ములా మీద నమ్మకం కుదురుతుంది. లెక్క చూపడానికి నేను రాసుకున్న అంకెలివి, ఏ మండలానివీ కావు. జూన్ 8న 18, 9న 11, 10న 4, 12న 1.5. ఆ తర్వాత 21 దాకా చుక్క లేదు. 22న 6, 23న 31, 25న 19, 26న 8. జూన్ 9న రెండు రోజుల మొత్తం 29, అంటే 25 దాటింది, తొలి పదును రైతు ఆ రోజు విత్తాడు. జూన్ 11 నుంచి 21 దాకా వరుసగా 11 రోజులు 2.5 లోపే. పది దాటింది కాబట్టి దెబ్బ. రెండో రైతుకు జూన్ 25న పది రోజుల మొత్తం 56, ఇంకా చాలదు. 26న 64, అప్పుడు విత్తాడు. ఆ తర్వాత ఇరవై రోజుల్లో పొడవైన బెట్ట ఆరు రోజులే అనుకుందాం, అతని చేను నిలిచింది. ఆగినందుకు పోయినవి 17 రోజులు.

ఇప్పుడు Limits లో 2.5 తీసి 1 పెట్టండి. జూన్ 12న పడిన 1.5 కూడా వాన రోజైపోతుంది. బెట్ట 13 నుంచి 21 దాకా తొమ్మిది రోజులకు తగ్గి, దెబ్బ తిన్న చేను కాగితం మీద బతికిపోతుంది. చేలో మాత్రం ఆ 1.5 మి.మీ.తో మొలకకు ఒరిగిందేమీ లేదు. హద్దులను వేరే షీటులో పెట్టమన్నది ఇందుకే. 20, 25, 30 పెట్టి, 50, 60, 75 పెట్టి, బెట్టను 7, 10 పెట్టి మళ్లీ మళ్లీ చూడండి. అన్నిటిలోనూ ఒకే రైతు నెగ్గితే గట్టిగా చెప్పొచ్చు. హద్దు కాస్త జరపగానే గెలుపు అటూ ఇటూ మారితే, ఈ డేటా తేల్చలేదని రాయాలి. చెలక నేలకు 7, నల్లరేగడికి 10 అని వేర్వేరుగా చూపిస్తే ఇంకా బాగుంటుంది. రేగడి తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది, పైనున్న సలహాలో నేలను బట్టి అంకె మారడం కూడా అలాంటి తేడా వల్లే. మీ మండలంలో రెండు రకాల నేలలూ ఉంటే రెండు పట్టికలు వేయండి.

ఇక్కడ దాదాపు ప్రతి విద్యార్థీ జారే చోటు ఒకటి ఉంది. మీకు పద్దెనిమిది మండలాలు, ఏడేళ్ల డేటా దొరికిందనుకుందాం, 126 వరుసలు వచ్చాయి కదా అని, "126 సందర్భాల్లో ఇంత శాతం" అని రాసేస్తారు. కానీ జూన్‌లో రుతుపవనం మొరాయిస్తే జిల్లా అంతా ఒక్కసారే ఎండుతుంది. జైనథ్‌లో దెబ్బ తగిలిన ఏడు బేలలోనూ తగులుతుంది. ఆ 126 సాక్ష్యాలు నిజానికి ఏడుకు దగ్గర. సంవత్సరాలు అడ్డంగా, మండలాలు నిలువుగా పివట్ వేసి, దెబ్బ తిన్న గడికి రంగు పెట్టండి. రంగు నిలువు పట్టీలుగా కనిపిస్తుంది, ఒక ఏడాది మొత్తం ఎరుపు, పక్క ఏడాది మొత్తం తెలుపు. ఆ ఒక్క బొమ్మ మీ రిపోర్టులో అన్ని చార్టుల కంటే విలువైనది. శాతం బదులు "ఏడేళ్లలో ఇన్ని ఏళ్లు, జిల్లాలో సగానికి పైగా మండలాల్లో" అని రాయండి.

ఏడేళ్లు చాలవు అనిపిస్తే, అనిపించాలి కూడా, NASA POWER నుంచి మీ ఊరి అక్షాంశం, రేఖాంశం ఇచ్చి 1981 నుంచి రోజువారీ వాన CSV గా తీసుకోవచ్చు, ఉచితం. PRECTOTCORR అనే కాలమ్ అది. సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఉంటే DATE తో కలపండి. లేని విలువకు -999 అని ఉంటుంది, ముందే వెతికి ఖాళీ చేయకపోతే పది రోజుల మొత్తాలు సున్నా కిందికి, దాదాపు మైనస్ వెయ్యికి దిగిపోతాయి.

కానీ ఇది కేంద్రంలో కొలిచిన వాన కాదు. కొన్ని పదుల కిలోమీటర్ల గడికి మోడల్ నుంచి వచ్చిన సగటు. సగటు కాబట్టి జోరు వాన పలచబడుతుంది, చిన్న జల్లులు ఎక్కువ రోజులకు పరుచుకుంటాయి. 2.5 హద్దు యథాతథంగా పెడితే బెట్టలు మాయమై, ప్రతి ఏడూ చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికి ఒక సులువైన సవరణ ఉంది. రెండు డేటాలూ ఉన్న ఏళ్లు తీసుకుని, మీ మండల కేంద్రంలో జూన్ నుంచి ఆగస్టు 9 దాకా 2.5 దాటిన రోజులు మొత్తం ఎన్నో లెక్కపెట్టండి. ఉదాహరణకు 190 వచ్చాయనుకోండి. అవే తేదీల NASA కాలమ్ మీద `=LARGE(C2:C491,190)` అడగండి. వచ్చిన విలువ ఆ డేటాకు తగిన వాన రోజు హద్దు, Limits లో అది పెట్టండి. 25, 60 లకు కూడా ఇదే దారి, Two, Ten కాలమ్‌ల మీద. సవరించాక, రెండూ ఉన్న ఏళ్లలో దెబ్బ తిన్న సంవత్సరాలు రెండింటిలో ఒకటేనా అని చూడండి. కలవకపోతే నలభై ఏళ్ల ఫలితం వదిలేసి, చిన్న డేటాతోనే ఆగండి.

రోజుకు రోజు పోల్చి "రెండు డేటాలూ కలవట్లేదు" అని మాత్రం కంగారు పడకండి. మన దగ్గర వాన రోజు ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా. జూలై 6న రాసిన వానలో ఎక్కువ భాగం 5వ తేదీన పడిందే కావచ్చు. NASA రోజు మరో గడియారం మీద నడుస్తుంది. పది రోజుల మొత్తాలు పోల్చితే ఈ తేడా దాదాపు సర్దుకుంటుంది.

రిపోర్టులో ఈ లెక్క ఏం చెప్పదో కూడా ఒక పేరా ఉండాలి. ఇందులో ఉన్నది వాన మాత్రమే, మొలక కాదు. తుంపర సేద్యం ఉన్నవాళ్లు, బోరు నీళ్లు ఒక తడి ఇవ్వగలిగినవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాన రాకముందే పొడి దుక్కిలో గింజ పెట్టేవాళ్లది మూడో పద్ధతి, వాళ్ల కోసం వేరే విత్తే తేదీ కాలమ్ కావాలి. మండల కేంద్రంలో పడ్డ వాన మీ ఊళ్లో పడకపోవచ్చు, జూన్ వానలు మరీను.

వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగేది దాదాపు ఒకటే: ఈ అంకెలు ఎక్కడివి? 2.5 వాతావరణ శాఖది, 60 సలహాది, 25 మా ఊరి రైతులు చెప్పిన తేదీల నుంచి తీసింది, 10 నా నిర్ణయం, దాన్ని 7 చేస్తే ఇలా మారింది అని Limits షీటు తెరిచి ఆయన ముందే మార్చి చూపించండి.